మూడు లెక్కలూ టాలీ అయ్యాయి, రెండు తప్పు

సోలాపూరులో తరాలుగా స్థిరపడిన తెలుగు పద్మశాలి కుటుంబాలకు మగ్గం కొత్త కాదు. ఆ ఊరి చద్దర్లు, టర్కీ టవళ్లు దేశమంతటా అమ్ముడవుతాయి. అలాంటి ఒక ఇంట్లో తండ్రి చిన్న టవళ్ల యూనిట్ నడుపుతుంటే, కూతురు బి.కాం. రెండో సంవత్సరం చదువుతోంది. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, కాలేజీలో ఇంగ్లిష్. ఆమె కాస్ట్ అకౌంటింగ్ పుస్తకంలో ప్రాసెస్ కాస్టింగ్ అనే అధ్యాయం ఉంది. తండ్రి రోజూ చేసే పనీ అదే. అయినా ఆ రెండూ ఒకటేనని ఆ ఇంట్లో చాలాకాలం ఎవరికీ తట్టలేదు.

ఒక టోకు వ్యాపారి వచ్చి టవల్‌కు 85 రూపాయలు ఇస్తానని, 5,000 టవళ్లు కావాలని అడిగినప్పుడు ఆ సంగతి బయటపడింది. తండ్రి లెక్క ప్రకారం టవల్‌కు అయ్యే ఖర్చు 82 రూపాయల 80 పైసలు. కూతురు అవే అంకెలతో పుస్తకంలో నేర్చుకున్న పద్ధతిలో చేస్తే 92 రూపాయలు వచ్చింది. ఆమె కాలేజీ అధ్యాపకుడు చేసి చూపితే 86 వచ్చింది. తండ్రి లెక్క నిజమైతే ఆ బేరంలో లాభం ఉంది. కూతురిది నిజమైతే పెద్ద నష్టం. అధ్యాపకుడిది నిజమైతే టవల్‌కు ఒక రూపాయి చేతినుంచి పడుతుంది. విచిత్రం ఏమిటంటే, మూడు లెక్కల్లోనూ చివర మొత్తం పైసాతో సహా సరిపోయింది.

ఈ మూడు జవాబులు ఎలా వచ్చాయో ఈ వారం మేము విడమరచి రాస్తున్నాము. బి.కాం., సి.ఎం.ఎ. చదివే పిల్లలు ఎక్కువగా తడబడే చోటు ఇదే. ముందు విభాగం నుంచి ఖర్చు మోసుకొచ్చిన సరుకు, పని మధ్యలో కలిపే అదనపు సామాను, ఈ రెండూ ఒకే లెక్కలో కలిసినప్పుడు ఏది ఎంత పూర్తయిందో చెప్పడం కష్టమవుతుంది. చదువుకోని తల్లిదండ్రులకు కూడా ఇందులో తెలియని విషయం ఏమీ లేదు. తెలియనివల్లా పేర్లే.

టవల్ నడిచే దారి

ఆ యూనిట్లో రెండు విభాగాలు ఉన్నాయి. మొదటిది నేత విభాగం. నూలు కొనడం, పడుగు సిద్ధం చేయడం, మరమగ్గం మీద టవళ్ల గుడ్డ నేయడం అక్కడి పని. ఆ గుడ్డ రెండో విభాగానికి, అంటే ఫినిషింగ్‌కు వస్తుంది. అక్కడ దాన్ని ఉడికించి తెల్లబరుస్తారు, ఆరబెడతారు, టవళ్లుగా కత్తిరిస్తారు, పక్క అంచులు మడిచి కుడతారు. తరువాత రంగు పట్టీ, లేబుల్ వేసి కుడతారు. చివరగా చూసి, మడతపెట్టి, కట్టలు కడతారు.

ఫినిషింగ్ విభాగానికి ఒక టవల్ చేరేసరికే దాని మీద ఖర్చు పడి ఉంటుంది. నూలు ధర, నేతగాడి కూలీ, మగ్గానికి కరెంటు, నేత విభాగం వాటా అద్దె అన్నీ అందులో కలిసి ఉంటాయి. దీనినే పుస్తకం ట్రాన్స్‌ఫర్డ్ ఇన్ కాస్ట్ అంటుంది. మనం 'వచ్చిన ఖర్చు' అందాం. ఫినిషింగ్ మేస్త్రీ దృష్టిలో అది బయట కొన్న ముడిసరుకు లాంటిదే. ఆయన దానిమీద సూది పెట్టకముందే అది పూర్తిగా వచ్చి కూర్చుంది. మన దేశంలో చాలా పాఠ్యపుస్తకాలు దాన్ని మెటీరియల్-1 అని, ఈ విభాగంలో కొత్తగా కలిపేదాన్ని మెటీరియల్-2 అని పిలుస్తాయి. పరీక్ష పేపర్లో ఈ పేర్లు కనబడితే పిల్లలు కంగారు పడనక్కరలేదు.

రెండోది పట్టీ, లేబుల్. దీన్ని 'కలిపిన ఖర్చు' అందాం. ఇది పని మొదట్లో పడదు, కొంచెం కొంచెంగానూ పడదు. ఒక నిర్దిష్టమైన చోట, ఒక్కసారిగా పడుతుంది. ఈ యూనిట్లో ఆ చోటు 60 శాతం దగ్గర ఉంది. ఒక టవల్ మీద ఫినిషింగ్‌లో పెట్టే శ్రమలో నూటికి అరవై వంతులు అయిపోయాక పట్టీ వేస్తారని దాని అర్థం. ఈ 60 శాతాన్ని గడియారం చూసి చెప్పరు. టవల్ ఆరబెట్టిన గంటల్లో కూలీ పెద్దగా పడదు కదా. మనిషి శ్రమ, కరెంటు, యంత్రం ఎంత వాడారో చూసి అంచనా కడతారు.

మూడోది ఫినిషింగ్ విభాగంలో పడే కూలీ, కరెంటు, బొగ్గు, అద్దె, మేస్త్రీ జీతం. పుస్తకం దీన్ని కన్వర్షన్ కాస్ట్ అంటుంది. మనం 'చేసిన ఖర్చు' అందాం. ఇది టవల్ ముందుకు జరిగేకొద్దీ పెరుగుతూ పోతుంది. సగం పనైతే సగం పడుతుంది.

వచ్చినది, కలిపినది, చేసినది. ఈ మూడు మూడు రకాలుగా నడుస్తాయి. వచ్చినది మొదటే పూర్తి. కలిపినది 60 శాతం గీత దాటేవరకు సున్నా, దాటాక పూర్తి. చేసినది పని జరిగినంత. అధ్యాపకుడు బోర్డు మీద మొదట రాసింది ఈ మూడు ముక్కలే.

ఆ నెల అంకెలు

నెల మొదటి తేదీన ఫినిషింగ్ విభాగంలో 1,000 టవళ్లు సగంలో ఉన్నాయి. వాటి మీద 40 శాతం పని అయింది. ఇంకా 60 శాతం గీత దాటలేదు కాబట్టి వాటిలో పట్టీ లేదు. వాటి మీద అప్పటికి పడిన వచ్చిన ఖర్చు 58,000 రూపాయలు, చేసిన ఖర్చు 7,600 రూపాయలు.

ఆ నెలలో నేత విభాగం నుంచి మరో 9,000 టవళ్లు వచ్చాయి. వాటితో వచ్చిన ఖర్చు 5,42,000 రూపాయలు. పట్టీలు, లేబుళ్లు 48,000 రూపాయలవి వాడారు. కూలీ, కరెంటు మొదలైన చేసిన ఖర్చు 1,72,400 రూపాయలు.

నెలాఖరుకు 8,000 టవళ్లు పూర్తయి గోదాముకు వెళ్లాయి. 2,000 టవళ్లు మిగిలాయి. వాటి మీద 50 శాతం పని అయింది. అంటే అవి కూడా గీతకు ఇవతలే ఉన్నాయి. ఆ నెల చెడిపోయిన సరుకు లేదు.

మొదట ఉన్నదీ, ఈ నెల పడినదీ కలిపితే వచ్చిన ఖర్చు 6,00,000, కలిపిన ఖర్చు 48,000, చేసిన ఖర్చు 1,80,000. మొత్తం 8,28,000 రూపాయలు. ఇక్కడిదాకా ముగ్గురిదీ ఒకే మాట.

తండ్రి లెక్క

తండ్రి చేసింది చాలామంది చిన్న యజమానులు చేసేదే. పదివేల టవళ్ల మీద పని నడిచింది, 8,28,000 ఖర్చయింది, కాబట్టి ఒక్కోదానికి 82.80. పూర్తయిన 8,000 టవళ్లకు 6,62,400, మిగిలిన 2,000కు 1,65,600. రెండూ కలిపితే 8,28,000. సరిపోయింది.

"లెక్క సరిపోయింది కద బిడ్డా, ఇంకేం కావాలె?" అన్నాడట ఆయన.

మొత్తం సరిపోయినా లోపల తప్పు ఉంది. ఆయన లెక్కలో సగంలో ఉన్న టవల్‌కూ, కట్ట కట్టి సిద్ధంగా ఉన్న టవల్‌కూ ఒకే ధర పడింది. పట్టీ కుట్టని 2,000 టవళ్ల మీద కూడా పట్టీ ఖర్చు రాశారు. ఇంకా చేయని కూలీని చేసినట్టు రాశారు. ఆ బరువంతా పూర్తయిన టవళ్ల మీద నుంచి తీసి సగం టవళ్ల మీద పెట్టారు. దానితో పూర్తయిన సరుకు నిజం కన్నా చవకగా కనబడింది.

కూతురి లెక్క

కూతురికి పుస్తకంలో చెప్పిన సమాన యూనిట్ల సంగతి తెలుసు. సగం పూర్తయిన రెండు టవళ్ల మీద పడిన శ్రమ, పూర్తయిన ఒక టవల్ మీద పడే శ్రమతో సమానం. అందుకని 50 శాతం పూర్తయిన 2,000 టవళ్లను 1,000గా లెక్కించాలి. ఆలోచన సరైనదే. కానీ ఆమె ఆ 50 శాతాన్ని అన్ని ఖర్చులకూ వేసేసింది. పూర్తయిన 8,000, మిగిలినవాటి బదులు 1,000, మొత్తం 9,000 యూనిట్లు. 8,28,000ను 9,000తో భాగిస్తే 92. పూర్తయినవాటికి 7,36,000, మిగిలినవాటికి 92,000. ఇదీ సరిపోయింది.

ఇందులో తప్పు ఎక్కడుంది? ఆ 2,000 టవళ్లు నేత విభాగం నుంచి సగం సగంగా రాలేదు. నేత పూర్తయిన టవళ్లుగానే వచ్చాయి. నూలు మొత్తం అందులో ఉంది, నేతగాడికి కూలీ మొత్తం ఇచ్చేశారు. ఫినిషింగ్‌లో సగం పనే అయిందంటే దాని అర్థం ఫినిషింగ్ పని సగం అయిందని మాత్రమే. నేత సగమే అయిందని కాదు. ఆమె వచ్చిన ఖర్చును కూడా సగానికి కోసింది. దానితో మిగిలిన టవళ్ల మీద ఉండాల్సిన 1,20,000 రూపాయల్లో సగానికి కాస్త తక్కువ పూర్తయినవాటి మీదకు పోయింది. అందుకే ధర 92కు ఎగబాకింది.

పట్టీ విషయంలోనూ అదే పొరపాటు. 50 శాతం దగ్గర ఉన్న టవల్‌లో పట్టీ సగం ఉండదు. అసలు ఉండదు. సగం పట్టీ వేసిన టవల్‌ను ఆ కుట్టుమిషన్ల దగ్గర ఎవరూ చూసి ఉండరు.

సరైన లెక్క

అధ్యాపకుడు ఒకే గీత కింద మొత్తం భాగించలేదు. మూడు ఖర్చులకు మూడు విడి వరుసలు గీశాడు. పరీక్షలో ఈక్వివలెంట్ ప్రొడక్షన్ స్టేట్‌మెంట్ అని అడిగేది ఈ పట్టికనే.

వచ్చిన ఖర్చు వరుసలో పూర్తయిన 8,000, మిగిలిన 2,000 పూర్తిగా. మొత్తం 10,000 యూనిట్లు. 6,00,000ను 10,000తో భాగిస్తే 60 రూపాయలు.

కలిపిన ఖర్చు వరుసలో పూర్తయిన 8,000, మిగిలినవి సున్నా. మొత్తం 8,000. 48,000ను 8,000తో భాగిస్తే 6 రూపాయలు.

చేసిన ఖర్చు వరుసలో పూర్తయిన 8,000, మిగిలినవాటిలో సగం అంటే 1,000. మొత్తం 9,000. 1,80,000ను 9,000తో భాగిస్తే 20 రూపాయలు.

మూడూ కలిపితే టవల్‌కు 86 రూపాయలు. పూర్తయిన 8,000 టవళ్ల ఖర్చు 6,88,000. మిగిలిన 2,000 టవళ్లకు 86 వేయకూడదు. వాటిమీద ఏవి పడ్డాయో అవే వేయాలి. వచ్చిన ఖర్చు 2,000 టవళ్లకు 60 చొప్పున 1,20,000. పట్టీ సున్నా. చేసిన ఖర్చు 1,000 యూనిట్లకు 20 చొప్పున 20,000. మొత్తం 1,40,000. 6,88,000కు 1,40,000 కలిపితే 8,28,000.

మూడు జవాబులూ ఒకే మొత్తానికి చేరాయి. కాబట్టి చివర టాలీ కావడం లెక్క సరైనదనడానికి రుజువు కాదు. ఉన్న డబ్బును రెండు కుప్పలుగా ఎలా పంచినా ఆ కుప్పలను మళ్లీ కలిపితే మొదటి మొత్తమే వస్తుంది. ఏ టవల్ మీద ఏ ఖర్చు నిజంగా పడిందన్నదే అసలు ప్రశ్న. టాలీ ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు. 'మొత్తం సరిపోయింది కదా సార్, మార్కులు ఎందుకు తగ్గించారు?' అని అడిగే పిల్లలకు ఉపాధ్యాయులు ఈ మూడు జవాబులను పక్కపక్కన పెట్టి చూపవచ్చు.

85 రూపాయల బేరం

ఇప్పుడు వ్యాపారి మాటకు వద్దాం. తండ్రి 82.80 అనుకుని 85కు ఒప్పుకుని ఉంటే టవల్‌కు 2.20 చొప్పున 5,000 టవళ్ల మీద 11,000 రూపాయలు మిగులుతాయని సంతోషించేవాడు. నిజానికి టవల్‌కు ఒక రూపాయి చొప్పున 5,000 రూపాయలు పోయేవి. పైగా ఆ నష్టం వెంటనే కనబడేది కాదు. ఆ నెల సగం సరుకు మీద 25,600 రూపాయలు ఎక్కువగా రాసి ఉంది. ఆ బరువు తరువాతి నెలకు బదిలీ అయ్యేది. అప్పుడు ఖర్చు ఎందుకు పెరిగిందో తెలియక పట్టీ వాడినందుకో, కూలీ పెంచినందుకో ఆయన తప్పు పట్టేవాడు.

కూతురి 92ను నమ్మి ఉంటే బేరం తెగిపోయేది. 90కి అడిగినా ఇవ్వలేమని చెప్పి, టవల్‌కు 4 రూపాయలు మిగిలే అవకాశాన్ని వదులుకునేవారు.

చివరకు ఆయన 89 అడిగాడు, 88కి కుదిరింది. టవల్‌కు 2 రూపాయలు చొప్పున 10,000 మిగిలింది. ఇది పెద్ద డబ్బు కాకపోవచ్చు. కానీ అది నిజమైన డబ్బు.

ఒక హద్దు కూడా చెప్పాలి. 86లో షెడ్డు అద్దె, మేస్త్రీ జీతం లాంటివి కూడా ఉన్నాయి. ఆర్డరు వచ్చినా రాకపోయినా అవి ఆగవు. పని లేక మిషన్లు ఖాళీగా ఉన్న నెలలో 85కు ఒప్పుకున్నా కొంత ఆదరువు ఉండవచ్చు. అది వేరే లెక్క. అప్పుడు కూడా యజమాని 86 అని తెలిసి 85కు దిగాలి. 82.80 అనుకుని దిగకూడదు.

గీత దాటాక ఏమవుతుంది

పరీక్ష ప్రశ్నలు తయారుచేసేవారు ఎక్కువగా ఒక్క అంకె మారుస్తారు. మిగిలిన 2,000 టవళ్లు 50 బదులు 70 శాతం దగ్గర ఉన్నాయని ఇస్తారు. ఇప్పుడు అవి 60 శాతం గీత దాటాయి. అన్నింటిలో పట్టీ ఉంది. కలిపిన ఖర్చు వరుసలో మిగిలినవి 2,000 పూర్తిగా వేయాలి, మొత్తం 10,000 అవుతుంది. చేసిన ఖర్చు వరుసలో మాత్రం 70 శాతం, అంటే 1,400. మొత్తం 9,400. పట్టీకి 70 శాతం వేసి 1,400 రాయడం ఇక్కడ కనబడే మామూలు తప్పు. పట్టీ వరుసలో రాయాల్సినది సున్నా లేదా పూర్తి. మధ్యలో ఏమీ ఉండదు.

నెల మొదట్లో ఉన్న సరుకుకూ అదే పరీక్ష. పైన మేము చూపింది సగటు పద్ధతి. మొదట ఉన్నదీ కొత్తగా వచ్చినదీ కలిపేసి చేసే లెక్క అది. ఫిఫో పద్ధతిలో ఈ నెల చేసిన పనినే విడిగా లెక్కిస్తారు. అప్పుడు వచ్చిన ఖర్చుకు ఈ నెల వచ్చిన 9,000 టవళ్లే లెక్కలోకి వస్తాయి, ఎందుకంటే మొదటి 1,000 పోయిన నెలలోనే వచ్చాయి. చేసిన ఖర్చుకు ఆ 1,000లో మిగిలిన 60 శాతం, అంటే 600, కొత్తగా మొదలై పూర్తయిన 7,000, చివరి సగం సరుకు 1,000, మొత్తం 8,600. మరి పట్టీకి? చాలామంది 1,000 తీసేసి 7,000 అని రాస్తారు. అది తప్పు. ఆ 1,000 టవళ్లు పోయిన నెలాఖరుకు 40 శాతం దగ్గరే ఆగాయి. వాటికి పట్టీ ఈ నెలలోనే వేశారు. కాబట్టి పట్టీకి 8,000. వచ్చిన ఖర్చుకు తీసేయాలి, పట్టీకి ఉంచాలి. టవల్ ఎప్పుడు గీత దాటిందో అడిగితే ఏ పద్ధతిలోనైనా జవాబు దొరుకుతుంది.

సగటు దాచిపెట్టేది

ఇంతవరకు పుస్తకం చెప్పేదే. పని జరిగే చోట ఇంకో చిక్కు ఉంది. దాన్ని పుస్తకాలు తక్కువగా చెబుతాయి. మిగిలిన 2,000 టవళ్లు 50 శాతం దగ్గర ఉన్నాయని మేస్త్రీ చెబితే, అన్నీ ఒకే చోట ఉన్నాయని అనుకోవద్దు. వెయ్యి టవళ్లు ఉతికే చోట 30 శాతం దగ్గర, వెయ్యి మడతపెట్టే చోట 70 శాతం దగ్గర ఉన్నా సగటు 50 శాతమే. చేసిన ఖర్చుకు ఆ సగటు చాలు. వెయ్యికి 30 శాతం 300, వెయ్యికి 70 శాతం 700, మొత్తం 1,000 యూనిట్లే వస్తాయి. కానీ పట్టీ లెక్క పూర్తిగా మారిపోతుంది. మడతపెట్టే చోట ఉన్న వెయ్యిలో పట్టీ ఉంది. కలిపిన ఖర్చుకు సమాన యూనిట్లు 8,000 కాదు, 9,000.

కాబట్టి నెలాఖరున మేస్త్రీని 'ఎంత శాతం అయింది?' అని ఒక్క ప్రశ్న అడిగితే చాలదు. 'పట్టీ కుట్టినవి ఎన్ని, కుట్టనివి ఎన్ని?' అని కూడా అడగాలి. ఆ రెండో ప్రశ్నకు అంచనా అక్కరలేదు, లెక్కపెడితే చాలు.

దీన్ని సరిచూసుకునే దారి కూడా ఉంది. స్టోరు నుంచి పట్టీ రీళ్లు ఇచ్చినప్పుడు చీటీ రాస్తారు. ఒక టవల్‌కు 6 రూపాయల పట్టీ, లేబుల్ పడుతుందని కుట్టేవాళ్లకు తెలుసు. నెలకు 48,000 రూపాయల సరుకు వాడినట్టు చీటీలు చెబితే 8,000 టవళ్లకు కుట్టారన్నమాట. 9,000కు కుట్టి ఉంటే చీటీలు 54,000 దగ్గర ఉండాలి. చీటీలకూ కాగితం మీది యూనిట్లకూ పొత్తు కుదరకపోతే ఎక్కడో తప్పుంది. పట్టీ వృథా అయి ఉండాలి, లేదా టవళ్లను తప్పుగా లెక్కపెట్టి ఉండాలి. చివరి టాలీ చెప్పలేని సంగతిని ఈ చీటీ చెబుతుంది. ఆ కూతురు ఇప్పుడు ప్రతి నెలాఖరున చీటీల కట్ట చూస్తోంది. పుస్తకం కన్నా ముందు దాన్నే తెరుస్తోందని తండ్రి మాతో నవ్వుతూ చెప్పాడు.

పరిమాణం పెరిగితే

పట్టీ వేసినా టవళ్ల సంఖ్య పెరగదు. వెయ్యి టవళ్లు వెయ్యిగానే ఉంటాయి. అన్ని సామాన్లూ అలా ఉండవు. ఆవకాయ పెట్టే యూనిట్ తీసుకుందాం. మొదటి విభాగంలో మామిడికాయలు కొట్టి ముక్కలు సిద్ధం చేశారు. 100 కిలోల ముక్కలు 6,000 రూపాయల ఖర్చుతో రెండో విభాగానికి వచ్చాయి, కిలోకు 60. అక్కడ నూనె, కారం, ఆవపిండి, ఉప్పు కలిపి 50 కిలోలు వేస్తే సరుకు 150 కిలోలు అయింది. ఇప్పుడు ముందు విభాగం నుంచి వచ్చిన 6,000ను 150 కిలోల మీద పంచాలి. కిలోకు 40. ఖర్చు తగ్గలేదు, పంచుకునే కిలోలు పెరిగాయి. కలిపిన సామాను ఖర్చు దానిమీద విడిగా పడుతుంది. పరీక్షలో ప్రశ్న చదివేటప్పుడు కలిపిన సామానుతో యూనిట్లు పెరిగాయా లేదా అని మొదట చూసుకోవాలి. పెరిగితే వచ్చిన ఖర్చు యూనిట్ ధర మారుతుంది. ఎక్కువమంది పిల్లలు పాత 60నే కొనసాగించి అక్కడే పడిపోతారు.

ఇంట్లో అడగగలిగే ప్రశ్నలు

పిల్లలు ఈ లెక్క చేస్తున్నప్పుడు ఇంగ్లిష్ రాని తల్లిదండ్రులు కూడా పక్కన కూర్చుని మూడు మాటలు అడగవచ్చు. సగంలో ఉన్న సరుకు ముందు విభాగం నుంచి పూర్తిగా వచ్చిందా? మధ్యలో కలిపే సామాను ఏ చోట కలుపుతారు, ఈ సరుకు ఆ చోటు దాటిందా? ఈ విభాగంలో చేసే పని ఎంత అయింది? మొదటి ప్రశ్నకు జవాబు ఎప్పుడూ 'పూర్తిగా'. రెండోదానికి 'దాటింది' లేదా 'దాటలేదు'. శాతం చెప్పాల్సింది మూడో ప్రశ్నకు మాత్రమే. పిల్లలు రెండో ప్రశ్నకు శాతంతో జవాబు చెబితే, అక్కడ ఆపి మళ్లీ అడగండి.

ఆ అధ్యాపకుడు ఇప్పుడు ఈ అధ్యాయాన్ని ఇలాగే మొదలుపెడుతున్నాడు. క్లాసులో ముందు అంకెలు ఇవ్వడు. పట్టీ కుట్టిన టవల్ ఒకటి, కుట్టని టవల్ ఒకటి బల్ల మీద పెట్టి, ఈ రెండింటి మీద ఏయే ఖర్చులు పడ్డాయో చెప్పమని అడుగుతాడు. మగ్గాల ఇళ్ల పిల్లలే అందరికన్నా ముందు జవాబు చెబుతున్నారట. వాళ్లలో చాలామంది కుట్టని టవల్‌ను చేతిలోకి తీసుకుని మొదట చూసేది పట్టీ వేయాల్సిన అంచునే.